నలభై ఫ్లాట్లకు ఒకటే కాగు

గుణదలలో ఒక అపార్ట్‌మెంట్. ఐదంతస్తులు, 40 ఫ్లాట్లు. బాత్రూముల్లో గీజర్లు లేవు. మేడ మీద ఒక గ్యాస్ బాయిలర్, దాని పక్కన 1,000 లీటర్ల నిలువు ట్యాంకు, అక్కణ్నుంచి అన్ని ఇళ్లకూ వేడినీళ్ల పైపు. పోయిన ధనుర్మాసంలో అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. "ఏడు దాటితే నీళ్లు చల్లగా వస్తున్నాయండీ. ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టించేద్దామని కమిటీలో అనుకున్నాం. ఎందుకైనా మంచిదని, మీరు ఒకసారి చూసి చెబితే..."

ఆ నిలువు ట్యాంకును కెలోరిఫయర్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు కొత్త కాదు. పాత ఇళ్ల పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమ గొట్టంలో బొగ్గులు మండుతుంటే చుట్టూ నీళ్లు కాగేవి. కెలోరిఫయర్‌లో నిప్పుల గొట్టం బదులు చుట్టలు చుట్టిన కాయిల్ ఉంటుంది. బాయిలర్‌లో కాగిన నీళ్లు ఆ కాయిల్ లోపల తిరుగుతూ వేడిని మాత్రం బయటి నీళ్లకు అప్పజెప్పి వెనక్కి పోతాయి. ఆ నీళ్లూ మనం పోసుకునే నీళ్లూ కలవవు.

ఇలాంటి ఏర్పాటులో చూడాల్సినవి రెండే. నిల్వ ఎంత, ఖర్చయిన నీళ్లను మళ్లీ కాచే వేగం ఎంత. నిల్వ పెద్దదైతే నిదానంగా కాచినా పరవాలేదు. కాచే వేగం ఎక్కువైతే చిన్న నిల్వతో నెట్టుకురావచ్చు. ఏది ఎంత ఉండాలో రోజు మొత్తం వాడకం చెప్పదు. ఏ గంటలో ఎంత వాడారన్నది చెబుతుంది.

అందుకే మొదట ట్యాంకులోకి చన్నీళ్లు వచ్చే పైపుకు ఒక మీటరు బిగించాం. పైనుంచి ఎన్ని వేడినీళ్లు పోతే కిందినుంచి అన్ని చన్నీళ్లు వస్తాయి కాబట్టి ఆ మీటరే వాడకం లెక్క. తెల్లవారుజామున నాలుగింటికి శాలువా కప్పుకుని మేడెక్కి, పావుగంటకోసారి టార్చి వేసి అంకె రాసుకోవడమే పని. ఒక జాగ్రత్త ఉంది. బయటికి పోయే నీళ్లు 60 డిగ్రీలు ఉన్నంతవరకే ఆ అంకెలు నమ్మాలి. గోరువెచ్చగా మారాయంటే జనం వేడి ట్యాప్ పూర్తిగా తిప్పేస్తారు, లేదా విసిగి స్నానమే వాయిదా వేస్తారు. రెండు రకాలుగానూ లెక్క తప్పుతుంది. కాబట్టి ఇక్కడ నేను చెప్పే అంకెల్లో ఏడు దాటిన తరువాతివి, మరమ్మతు అయ్యాక మళ్లీ రాసుకున్నవి.

నాలుగు నుంచి ఐదు దాకా 150 లీటర్లు. ఐదు నుంచి ఆరు 400. ఆరు నుంచి ఏడు 800. ఏడు నుంచి ఎనిమిది 700. ఆ తర్వాతి గంటలో 300, ఆపైన 100. సాయంత్రం స్నానాలు, గిన్నెలు కలిపి మరో 350. రోజుకు మొత్తం 2,800 లీటర్లు. 160 మంది ఉండే బిల్డింగుకు ఇది తక్కువేమీ కాదు, ఎందుకంటే ఇవి 60 డిగ్రీల నీళ్లు. మేడ మీద ట్యాంకులో చలికాలం తెల్లవారుజామున నీళ్లు 22 డిగ్రీలున్నాయి. స్నానానికి 40 చాలు. 20 లీటర్ల బకెట్లో తొమ్మిదిన్నర లీటర్లు వేడివి, మిగతావి చన్నీళ్లు.

ఇప్పుడు వేడి లెక్క. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.163 వాట్-అవర్లు కావాలి. 22 నుంచి 60కి తేవాలంటే 44. ఆ లెక్కన రోజు వాడకానికి సుమారు 124 యూనిట్ల వేడి. 24 గంటలకూ సమానంగా పంచితే 5 కిలోవాట్ల హీటర్ సరిపోయేట్టు కనిపిస్తుంది. ఆరు నుంచి ఏడు మధ్య మాత్రం, అప్పటికప్పుడు కాచాలంటే 35 కిలోవాట్లు కావాలి. ఆ గంటలోనూ ఆరున్నర తర్వాతి పావుగంటలో 260 లీటర్లు లాగారు. అసలు నిల్వే వద్దు, ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టి పారుతున్న నీటినే వేడి చేద్దామనుకుంటే ఆ పావుగంట వేగానికి 46 కిలోవాట్లు తేలుతుంది.

అక్కడున్న బాయిలర్ 22 కిలోవాట్లది. అంటే గంటకు 500 లీటర్లు కాచగలదు. గంటగంటకూ జమాఖర్చు వేసి చూద్దాం. ఐదు నుంచి ఆరు దాకా 400 పోతే 500 కాచగలదు, నిల్వ నిండుగానే ఉంటుంది. ఆరు నుంచి ఏడు 300 లోటు. ఏడు నుంచి ఎనిమిది ఇంకో 200. మొత్తం 500 లీటర్ల లోటు, ఆ తర్వాత ట్యాంకు మళ్లీ నిండుతూ వస్తుంది. 1,000 లీటర్ల ట్యాంకులో నిజంగా పనికొచ్చేది 800 అనుకోవాలి. కిందినుంచి వచ్చే చన్నీళ్లు కొంతమేర వేడినీళ్లలో కలుస్తాయి, ఆ కలిసిన పొర స్నానానికి పనికిరాదు. అయినా 500కు 800 ఎక్కువే. కాగితం మీద చూస్తే ఈ బిల్డింగులో ఏ సమస్యా ఉండకూడదు.

అయితే ఏడింటికి చన్నీళ్లు ఎందుకొస్తున్నాయి?

దీనికి జవాబు బాయిలరే చెప్పింది. ఉదయం ఆరున్నర, కింద నలభై ఇళ్లలోనూ బకెట్లు నిండుతున్నాయి. ఆ సమయంలో బర్నర్ ఊపిరి తీసుకోకుండా మండుతుండాలి. అది మాత్రం నాలుగు నిమిషాలు మండి, ఆరు నిమిషాలు తీరిగ్గా ఆగుతోంది. తన నీళ్లు 80 డిగ్రీలకు చేరగానే కట్ అయిపోతోంది. ఊరంతా ఆకలితో ఉంటే వంటవాడు చేతులు కట్టుకుని కూర్చున్నట్టు. తప్పు వంటవాడిది కాదు, వడ్డించే దారి మూసుకుపోయింది.

కాయిల్‌లోకి వెళ్లే పైపుకూ తిరిగొచ్చే పైపుకూ థర్మామీటర్లు కట్టి చూశాను. పంపు గంటకు 1,900 లీటర్లు తిప్పుతుంది. 80 డిగ్రీలతో వెళ్లిన నీళ్లు 70కి దిగి రావాలి, అప్పుడే 22 కిలోవాట్లు దిగినట్టు. తిరిగొచ్చేవి 76 దగ్గరే ఉన్నాయి. నాలుగు డిగ్రీలే దిగాయంటే ట్యాంకుకు అందుతున్నది తొమ్మిది కిలోవాట్ల లోపే. గంటకు 200 లీటర్లు. ఈ అంకెతో జమాఖర్చు మళ్లీ వేస్తే, ఐదు నుంచి ఆరు 200 లోటు, ఆరు నుంచి ఏడు 600 లోటు, కలిపితే 800. సరిగ్గా ఏడింటికి ట్యాంకు చేతులెత్తేస్తుంది. సెక్రటరీ గారు ఫోన్‌లో చెప్పిన టైమే.

కాయిల్ సైజు ఎంతుండాలన్నది మూడు అంకెల గుణకారం.

`Q = U × A × ΔT`

Q, అంటే దిగే వేడి, కాయిల్ ఉపరితలం A మీద, లోపలి నీటికీ బయటి నీటికీ ఉన్న సగటు తేడా ΔT మీద, ఆ రేకు వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందో చెప్పే U మీద ఆధారపడుతుంది. 80–70 నీళ్లతో 22 డిగ్రీల నీటిని 60కి తెస్తే సగటు తేడా 32 డిగ్రీలు వస్తుంది. ఇది మామూలు సగటు కాదు, లాగరిథమ్‌తో తీసే సగటు. ఇలాంటి శుభ్రమైన కాయిల్ చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 400 వాట్లు దాటనిస్తుందని తీసుకోవచ్చు. అప్పుడు 22 కిలోవాట్లకు 1.7 చదరపు మీటర్లు కావాలి, అంటే సుమారు ఒక తలుపు చెక్క వైశాల్యం. నేమ్‌ప్లేట్ మీద ఉన్నదీ అంతే. డిజైన్ చేసినాయన లెక్క తప్పలేదు.

ఆయన లెక్కలోకి రానివి మా బోరు నీళ్లు. మన స్టీలు బిందె అడుగున తెల్లగా గార కడుతుందే, అదే కాయిల్ మీదా కడుతుంది. బిందె కన్నా జోరుగా కడుతుంది, ఎందుకంటే నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగిన సున్నం విడిపోతుంది, అదీ అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటే పేరుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసి మూత విప్పాం. రాగి కాయిల్ అసలు రంగే కనపడలేదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెంకులు పెంకులుగా ఊడింది. మందం కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు. గార ఒక్క మిల్లీమీటరు పేరుకున్నా కాయిల్ శక్తిలో పావు వంతు పైనే పోతుంది. నాలుగుకు వచ్చేసరికి 400 వాట్లు కాస్తా 150కి పడిపోయాయి. థర్మామీటర్లు చెప్పిందీ ఇదే.

కమిటీ అనుకున్నట్టు ఇంకో ట్యాంకు పెట్టి ఉంటే ఏమయ్యేది? నిజం చెప్పాలంటే, పని చేసేదే. పనికొచ్చే నిల్వ 1,600 అయ్యేది, ఉదయం మొత్తం లోటు 1,400. ఆ చలికాలం ఏ ఫోనూ రాదు. గార మాత్రం పెరుగుతూనే ఉంటుంది, రెండేళ్లకు మూడో ట్యాంకు మాట వస్తుంది. ఇలా చూస్తే నాకు పెద్ద నిల్వ అంటే కొంచెం అనుమానమే. జబ్బును అది దాచిపెడుతుంది.

గార కరిగించే యాసిడ్ ద్రావణం తిప్పి, మిగిలింది చేత్తో గీకి, చన్నీళ్ల పైపు మీద, నీళ్లలోని సున్నాన్ని ముందే పట్టేసే ఒక సాఫ్ట్‌నర్ బిగించాం. మర్నాడు తిరుగు పైపు 70 చూపించింది. ఇప్పుడు వాచ్‌మన్ దగ్గర ఒక పుస్తకం ఉంది. సోమవారం ఉదయం ఆరున్నరకు రెండు థర్మామీటర్లూ చూసి అంకెలు రాస్తాడు. తేడా ఎనిమిది డిగ్రీల కిందికి వస్తే నాకు చెప్పాలి.

మీటరు ఇంకా అక్కడే ఉంది కాబట్టి భోగి నాడూ రాయించాను. ఆ రోజు ఇంటిల్లిపాదికీ తలంటు, అదీ భోగిమంట వేళకి. నాలుగు నుంచి ఐదు 600 లీటర్లు, ఆ తర్వాతి గంటలో 1,100, ఆపై గంటలో 700. శుభ్రమైన కాయిల్‌తో లెక్కేసినా లోటు 900, పనికొచ్చే నిల్వ 800. ఆరున్నర ప్రాంతంలో చివరి నాలుగైదు ఇళ్లవాళ్లు చన్నీళ్లు పోసుకున్నారు.

ఏడాదికి ఒక్క పొద్దుటి కోసం ట్యాంకు మార్చడం నాకు నచ్చలేదు. వచ్చే భోగికి ముందు రాత్రి థర్మోస్టాట్‌ను 65కి పెంచమని రాసిచ్చాను. అదే 800 లీటర్లు, ఎక్కువ చన్నీళ్లు కలుపుకోవచ్చు కాబట్టి, 905 లీటర్లంత పని చేస్తాయి. బొటాబొటిగా సరిపోతుంది. అయిదు డిగ్రీలు పెరిగితే చెయ్యి కాలే ప్రమాదమూ పెరుగుతుంది కనుక, ముందు చన్నీళ్ల ట్యాప్ తిప్పి తర్వాతే వేడిది తిప్పమని లిఫ్టులో ఒక కాగితం అంటించాలి. సెక్రటరీ గారు ఆ కాగితం ఇప్పుడే రాసి బీరువాలో పెట్టారు.