బంగారం ఇచ్చిన రోజు రేటు ఎందుకు పనికొస్తుంది, ఎందుకు పనికిరాదు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేయడం నా పని. బంగారం అమ్మి, వచ్చిన లాభం మీద పన్ను లెక్క కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక కాగితం ఉంటుంది. అమ్మ ఫలానా తేదీన ఇన్ని తులాలు ఇచ్చింది, ఆ రోజు రేటు ఇంత అని రాసి, ఇద్దరి సంతకాలతో జాగ్రత్తగా దాచిన కాగితం. అసలు కావలసిన కాగితం మాత్రం తరచుగా ఇంట్లో ఉండదు.

అపోహ: ఇచ్చిన రోజు విలువే మన కొన్న ధర అవుతుంది

కిందటేడాది రాజాం వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. వాళ్లమ్మగారు 2012లో నరసన్నపేటలో 40 గ్రాముల గాజులు కొన్నారు. మజూరీ, పన్ను అన్నీ కలిపి బిల్లు 1,28,000 రూపాయలు. 2021లో వాటిని కూతురికి ఇచ్చేశారు. ఆ రోజు రేటు గ్రాముకి 4,400 చొప్పున 1,76,000 అని కాగితం రాసుకున్నారు. 2025లో ఇల్లు కట్టుకుంటూ టీచరమ్మ ఆ గాజులు అమ్మితే చేతికి 3,50,000 వచ్చింది.

"మూడున్నర లక్షల్లోంచి లక్షా డెబ్బై ఆరు వేలు తీసేస్తే నా లాభం లక్షా డెబ్బై నాలుగు వేలే కదండీ" అన్నారావిడ. కాదు. బంధువు దగ్గర ఉచితంగా వచ్చిన వస్తువుకి, ఇచ్చినవాళ్లు దాన్ని ఎంతకి కొన్నారో అదే మన కొన్న ధర. అంటే ఇక్కడ 2012 నాటి 1,28,000. లాభం 2,22,000 అవుతుంది, దాని మీద పన్ను పన్నెండున్నర శాతం చొప్పున 27,750, ఆపైన సెస్. ఆవిడ లెక్క ప్రకారం పన్ను 21,750 మాత్రమే. తేడా ఆరు వేలే అనిపిస్తుంది గానీ, రిటర్నులో కొన్న ధర తప్పుగా చూపించామంటే నోటీసు వచ్చినప్పుడు పన్నుతో పాటు వడ్డీకి కూడా సమాధానం చెప్పుకోవాలి.

ఇందులో మనకి కలిసొచ్చే సంగతీ ఒకటుంది. ధరతో పాటు కాలం కూడా వెనక్కి వెళ్తుంది. గాజులు ఆవిడ దగ్గర నాలుగేళ్లే ఉన్నా, అమ్మగారు కొన్న రోజు నుంచే లెక్క. బంగారానికి 24 నెలలు దాటితే దీర్ఘకాలిక లాభం, ఆ పన్నెండున్నర శాతం రేటు దానికే. అమ్మ పదేళ్ల కిందట కొన్నది నిరుడు తీసుకుని ఈ ఏడాది అమ్మినా అది దీర్ఘకాలికమే. ఈ సంగతి తెలియక జీతంతో కలిపి శ్లాబు రేటు చొప్పున ఎక్కువ పన్ను కట్టేసినవాళ్లని చూశాను, బాధేసింది.

టీచరమ్మకి ఆ రోజు టెన్షన్ తగ్గించింది 2012 నాటి బిల్లు జిరాక్స్. అసలు బిల్లులో ఇంక్ చెరిగిపోయి బరువు ఒక్కటే కనబడుతోంది. అదృష్టం కొద్దీ వాళ్ల నాన్నగారు అప్పట్లోనే జిరాక్స్ తీసి బ్యాంకు లాకరు కాగితాల్లో పెట్టారు. మజూరీతో సహా మొత్తం లక్షా ఇరవై ఎనిమిది వేలు కొన్న ధరగా చూపించగలిగాం.

అపోహ: నానమ్మ గొలుసుకి బిల్లు లేదు కాబట్టి కొన్న ధర సున్నా

1 ఏప్రిల్ 2001కి ముందు కుటుంబంలోకి వచ్చిన బంగారమైతే, ఆ తేదీన దానికున్న మార్కెట్ విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. నానమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి మీకు వచ్చినా సరే. మధ్యలో చేతులు మారిన రోజుల రేట్లతో పని లేదు. ఇక్కడ కావలసింది ఇన్‌కమ్ ట్యాక్స్ గుర్తింపు ఉన్న రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు. అది నగ అమ్మకముందే తీసుకోవాలి. షాపులో కరిగించేశాక ఏ వాల్యుయరు ఏం తూచగలడు?

ఇంకో మాట. పాత గొలుసు ఇచ్చి కొత్త హారం తీసుకోవడం కూడా చట్టం దృష్టిలో అమ్మకమే. "డబ్బు చేతికి రాలేదు కదా" అంటే కుదరదు. అదే నగని కంసాలి దగ్గర కరిగించి మీ బంగారంతోనే వేరే నగ చేయించుకుంటే అమ్మకం కాదు. కానీ ఎన్ని గ్రాములు ఇచ్చారో, ఎన్ని తిరిగొచ్చాయో చీటీ రాయించుకోండి, లేకపోతే పాత నగకి, కొత్త నగకి సంబంధం చూపించలేరు.

అపోహ: అయితే ఇచ్చిన రోజు విలువ రాయడం దండగ

దండగ కాదు. చట్టం బంధువుగా లెక్కపెట్టని మనిషి ఇచ్చినప్పుడు ఆ విలువే అసలు లెక్క. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే, ఎందుకంటే మన వరసలు వేరు, చట్టం వరసలు వేరు. పెదనాన్న కొడుకు మనకి అన్నయ్యే. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టానికి అతను బంధువు కాడు. తల్లిదండ్రులు, తాతమామ్మలు, పిల్లలు, భార్యాభర్తలు, తోబుట్టువులు, అత్తమామలు, మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని ఇస్తే మీకు పన్ను లేదు. మేనమామ మేనకోడలికి ఎంత బంగారం పెట్టినా ఆ పిల్లకి పన్ను పడదు. అదే మేనకోడలు ఉద్యోగం వచ్చాక మామయ్యకి గొలుసు ఇస్తే, ఆయన వైపు నుంచి చూసినప్పుడు ఆమె ఆ జాబితాలో ఉండదు.

2025 మొదట్లో గృహప్రవేశానికి పెదనాన్న కొడుకు ఒక చెల్లెలికి 10 గ్రాముల గొలుసు పెట్టాడనుకోండి. గ్రాము 8,000 చొప్పున విలువ 80,000. బంధువులు కానివాళ్ల దగ్గర ఆ సంవత్సరంలో వచ్చిన బంగారం వంటి కానుకల విలువ మొత్తం 50,000 దాటితే పూర్తి విలువ ఆదాయమే. యాభై పోను మిగిలిన ముప్పై వేలు కాదు, ఎనభై వేలూ కలపాలి. అలా ఆదాయంగా చూపించిన 80,000 మాత్రం తర్వాత అమ్మేటప్పుడు ఆమెకి కొన్న ధర అవుతుంది.

ఇదే గొలుసు ఆమె పెళ్లికి పెట్టి ఉంటే పన్నే లేదు. ఆ మినహాయింపు పెళ్లికే, అదీ పెళ్లి చేసుకుంటున్న మనిషికే. బారసాలకీ, ఓణీల ఫంక్షన్‌కీ, గృహప్రవేశానికీ లేదు. మైనర్ పిల్లలకి వచ్చిన కానుక ఆదాయమైనా, వాళ్ల పేరున్న బంగారం అమ్మితే వచ్చే లాభమైనా, తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల లెక్కలో కలుస్తుంది.

అపోహ: గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించకపోతే చెల్లదు

ఇల్లు, స్థలం అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బంగారం చేతికి అందిస్తే చాలు, చెల్లుతుంది. కాగితం రుజువు కోసం.

ఆ కాగితంలో "అయిదు తులాల హారం" అని రాయకండి. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు షాపుల్లో చాలామంది 10 గ్రాములకే తులం అంటున్నారు. అయిదు తులాల దగ్గర ఎనిమిది గ్రాముల పైచిలుకు తేడా వస్తుంది. గ్రాముల్లో రాయండి. మొత్తం బరువు, రాళ్లూ లక్కా పోను నికర బరువు, ఎన్ని క్యారెట్లు, హాల్‌మార్క్ ఉంటే దాని మీదున్న ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు రాయండి. ఇచ్చినవాళ్లతో ఏ వరసో, ఏ తేదీన చేతికి ఇచ్చారో, వాళ్లు ఎప్పుడు ఎంతకి కొన్నారో రాయించి, నగ ఫొటో, పాత బిల్లు జిరాక్స్ దానికే కుట్టేయండి. ఆ రోజు రేటు చివరి వరుసలో ఉన్నా చాలు.

అమ్మ మీకు నగ ఇస్తున్న రోజునే బిల్లు కూడా అడిగి తీసుకోండి. తర్వాత అడుగుదాంలే అనుకుంటే, పదేళ్లకి ఆ షాపు పేరు కూడా అమ్మకి గుర్తుండకపోవచ్చు.