ల్యాప్‌టాప్ బ్యాగు: దెబ్బ తగిలేది అడుగున, బరువు తెలిసేది భుజాన

బ్యాగు కొనేటప్పుడు చాలామంది జిప్పు లాగి చూస్తారు, అరలు లెక్కపెడతారు, ముందు వైపు నొక్కి మెత్తగా ఉందో లేదో చూస్తారు. లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమి చూసేవాళ్లు తక్కువ. రోజూ స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లే ఒకరి దగ్గర 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ ఉందనుకుని, ల్యాప్‌టాప్ బ్యాగుల గురించి ఉండే అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఫోమ్ మందంగా ఉంటే ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు.

ఏ వైపు మందంగా ఉందన్నదే అసలు ప్రశ్న. బ్యాగులో ల్యాప్‌టాప్ నిలువుగా ఉంటుంది. భుజం మీంచి దించి, నేలకు జానెడు ఎత్తులో ఉండగా వదిలేస్తాం. అప్పుడు రెండు కిలోల బరువు ఒక సన్నటి అంచు మీద, చాలాసార్లు ఒక్క మూల మీద పడుతుంది. మూల సొట్టపోవడం, హింజ్ దగ్గర ప్లాస్టిక్ పగలడం, స్క్రీన్ మీద మూల నుంచి పగులు పాకడం ఇలాగే మొదలవుతాయి. ముందూ వెనకా ఎంత మెత్త ఉన్నా ఈ దెబ్బను ఆపలేదు.

దీన్ని ఆపేది ల్యాప్‌టాప్ పెట్టే అర అడుగుభాగానికీ బ్యాగు అడుగుకూ మధ్య ఉండే ఖాళీ. మంచి బ్యాగులో ఆ అర ఉయ్యాలలా వేలాడుతుంది, బ్యాగు నేలను తాకినా ల్యాప్‌టాప్ తాకదు. షాపులోనే కొలిచి చూడవచ్చు. బ్యాగును బల్ల మీద నిలబెట్టి, అరలోకి స్కేలు అడుగు తగిలేదాకా దించి, అర పై అంచు దగ్గర ఎంత ఉందో చూడండి. తర్వాత బయట బల్ల నుంచి అదే అంచు ఎత్తు కొలవండి. లోపల 28, బయట 31 వస్తే మూడు సెంటీమీటర్ల తేడా ఉన్నట్టు. రెండు కంటే తక్కువైతే ఆ బ్యాగు వద్దు.

కొలత బాగున్నా ఇంకో పరీక్ష చేయాలి. ల్యాప్‌టాప్ పెట్టి బ్యాగును పైకెత్తి, కింద నుంచి వేళ్లతో నొక్కండి. గట్టి అంచు తగిలిందంటే బరువుకు అర సాగిపోయిందని అర్థం. అరను పల్చటి లైనింగ్ గుడ్డకే కుట్టేసిన బ్యాగుల్లో కొన్ని నెలలకు ఇదే జరుగుతుంది. బ్యాగు పక్క కుట్లలోకే అరను కలిపి కుట్టి, మీద పట్టీ వేసిన బ్యాగు చాలాకాలం నిలుస్తుంది.

ఇప్పటికే ఉన్న బ్యాగులో ఖాళీ లేకపోతే పారేయనక్కర్లేదు. పిల్లలు ఆడుకునే అక్షరాల ఫోమ్ మ్యాట్ ముక్క ఒకటి, దాదాపు సెంటీమీటరు మందం ఉన్నది, అరలోని అడుగుభాగం కొలతకు కత్తిరించి లోపల పరవండి. ల్యాప్‌టాప్ ఆ మేరకు పైకి లేస్తుంది కాబట్టి జిప్పు ఇబ్బంది లేకుండా పడుతోందో లేదో చూసుకోండి. జిప్పు మూలకు రాసుకుంటుంటే పల్చటి ముక్క వాడాలి. మామూలు స్పాంజి మాత్రం వద్దు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే వేళ్లు ఒకదానికొకటి తగిలేంతగా అణిగే ఫోమ్, దెబ్బ తగిలినప్పుడు కూడా అలాగే అణిగిపోతుంది.

అపోహ: బ్యాగు మీద 15.6 అని ఉంటే 15.6 ల్యాప్‌టాప్ సరిపోతుంది.

ఆ అంకె స్క్రీన్ మూల నుంచి మూలకు కొలత. ల్యాప్‌టాప్ మొత్తం సైజు అది చెప్పదు. 15.6 మోడళ్లు చాలావరకు 36 సెంటీమీటర్ల వెడల్పు, 24 దాకా లోతు ఉంటాయి. ఇప్పుడొస్తున్న 16 అంగుళాలవి చాలావరకు వెడల్పులో అంతే ఉన్నా, స్క్రీన్ పొడవు పెరగడంతో లోతు ఎక్కువ. పాత బ్యాగులో జిప్పు దగ్గర ఇరుక్కునేది అందుకే. టేపుతో ల్యాప్‌టాప్‌ను కొలిచి, ఒక్కో వైపు సెంటీమీటరు వదులు చూసుకుంటే చాలు. మరీ పెద్ద బ్యాగు తీసుకుంటే లోపల ల్యాప్‌టాప్ అటూఇటూ కదిలి, గుంత వచ్చిన ప్రతిసారీ మూలలు కొట్టుకుంటాయి.

అపోహ: స్ట్రాప్‌లు మెత్తగా ఉంటే బరువు తెలియదు.

బరువు లెక్క వేద్దాం. ల్యాప్‌టాప్ 1.8 కిలోలు, ఛార్జర్ 400 గ్రాములు, నిండిన లీటరు స్టీలు బాటిల్ 1.3, టిఫిన్ బాక్సు 700 గ్రాములు, ఖాళీ బ్యాగు 900 గ్రాములు. మొత్తం 5.1 కిలోలు. బ్యాక్‌ప్యాక్ రెండు స్ట్రాప్‌లూ వేసుకుంటే ఒక్కో భుజానికి రెండున్నర. ఒక్క భుజానికే తగిలించుకుంటే అయిదూ అక్కడే.

స్ట్రాప్ వెడల్పు ఆరేడు సెంటీమీటర్లు ఉండి, లోపలి ఫోమ్ కాస్త గట్టిగా ఉండాలి. షాపులో దూదిలా అనిపించే స్ట్రాప్ అయిదు కిలోలకు పూర్తిగా అణిగిపోతుంది. అప్పుడు మధ్యలో కుట్టిన సన్నటి నైలాన్ పట్టీ ఒక్కటే భుజంలోకి దిగుతుంది. సాయంత్రానికి భుజం మీద ఎర్రటి గీత పడుతుంటే కారణం ఇదే.

అంతకంటే ముఖ్యం, బరువు వీపుకు ఎంత దగ్గరగా ఉందన్నది. నీళ్ల బిందె నడుముకు ఆనించుకుంటే నడిచిపోతాం, అదే బిందెను చేతులు చాచి పట్టుకుంటే నాలుగడుగులు వెయ్యలేం. బ్యాగుదీ అదే లెక్క. ల్యాప్‌టాప్ అర వీపుకు ఆనుకునే ఉండాలి, టిఫిన్ బాక్సు దాని తర్వాత, బాటిల్ పక్క జేబులో. ఛార్జర్‌ను బయటి జేబులో వేస్తే వెనక్కి లాగుతుంది. ల్యాప్‌టాప్ మూతకు ఎదురుగా వేస్తే రద్దీ బస్సులో ఎవరైనా ఆనుకున్నప్పుడు ఆ ఇటుకలాంటి ముక్క స్క్రీన్‌ను నొక్కుతుంది. దాన్ని పౌచ్‌లో వేసి ప్రధాన అర అడుగున ఓ పక్కకు పెట్టడం మేలు.

స్ట్రాప్ పొడవు కూడా చూసుకోవాలి. బాగా కిందికి వదిలితే బ్యాగు వీపును వదిలి వెనక్కి వాలుతుంది. స్కూటర్ మీద అయితే అడుగు సీటుకు ఆనుకుంటుంది, గుంతల దెబ్బ సీటు మీంచి నేరుగా ల్యాప్‌టాప్ అంచుకు చేరుతుంది. కూర్చున్నాక బ్యాగు అడుగుకూ సీటుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టేలా స్ట్రాప్ బిగించండి. ఛాతీ దగ్గర క్లిప్పు ఉంటే స్ట్రాప్‌లు జారకుండా ఆపుతుంది, బరువును మాత్రం తగ్గించదు. నడుము దగ్గర రిబ్బన్‌లా వేలాడే పట్టీ కూడా అంతే. బరువు తుంటి మీదికి దిగాలంటే మెత్త ఉన్న వెడల్పాటి బెల్టు కావాలి.

అపోహ: స్లింగ్ బ్యాగు అడ్డంగా వేసుకుంటే బరువు శరీరమంతా పంచుకుంటుంది.

అడ్డంగా వేసుకుంటే స్ట్రాప్ జారదు, దాన్ని ఆపడానికి భుజం పైకెత్తి పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. లాభం అంతవరకే. బరువు మోసేది ఇప్పటికీ ఒక్క భుజమే. కాబట్టి స్లింగ్‌లో మొత్తం బరువు రెండున్నర కిలోలు దాటనివ్వకూడదని మా అభిప్రాయం. 13 లేదా 14 అంగుళాల తేలిక ల్యాప్‌టాప్, చిన్న టైప్-సీ ఛార్జర్, ఫోను, పర్సు వరకు సరే. పైన లెక్క వేసిన అయిదు కిలోలకు స్లింగ్ అస్సలు పనికిరాదు.

స్లింగ్ తెగేది దాదాపు ఎప్పుడూ స్ట్రాప్ చివరే. పోత పోసిన మెరుపు హుక్కు, తిరిగే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. స్ట్రాప్ బ్యాగుకు కలిసే చోట చతురస్రంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తు కుట్టు వేశారేమో చూడండి. ఒక్క అడ్డ కుట్టే ఉంటే చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్లి ముందే గట్టి కుట్టు వేయించండి. స్ట్రాప్‌ను ఎడమకూ కుడికీ మార్చుకునే వీలుండాలి, బ్యాగు తొడకు కొట్టుకోకుండా తుంటికి పైనే ఉండాలి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ గుడ్డ కాబట్టి వానకు భయం లేదు.

గుడ్డ తడవకపోయినా సూది రంధ్రాల నుంచి, జిప్పు నుంచి నీళ్లు దిగుతాయి. రెయిన్ కవర్ వీపు వైపును కప్పదు. బండి మీద వీపు వెంట జారిన నీరు ముందు చేరేది ల్యాప్‌టాప్ అరలోకే. వానాకాలంలో ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో కాకుండా పూర్తిగా ఆపేసి, మందపాటి పాలిథిన్ కవరులో మూతి మడిచి పెట్టండి. చేరగానే కవరు తీసేయండి.