ఖాళీ ట్యాంకులోకి వెళ్ళిన గాలి ఎందుకు వేడెక్కుతుంది?

వాక్యూమ్ పంపుతో లోపలి గాలంతా లాగేసిన ఉక్కు ట్యాంకు ఒకటుందనుకుందాం. చుట్టూ ఇన్సులేషన్ ఉంది కాబట్టి వేడి లోపలికి రాదు, బయటికి పోదు. దాన్ని 10 బార్ ప్రెషర్‌తో, 27 డిగ్రీల గాలి ఉన్న పైపులైనుకు తగిలించి వాల్వ్ తిప్పాం. గాలి బుస్సుమని లోపలికి దూరి, రెండు వైపులా ప్రెషర్ సమానం కాగానే ఆగింది. ఇప్పుడు లోపలి గాలి ఎంత వేడిగా ఉంటుంది?

ఖాళీలోకి వ్యాకోచించింది కాబట్టి చల్లబడుతుందని కొందరంటారు. వేడి ఎక్కణ్ణుంచీ రాలేదు కాబట్టి 27 డిగ్రీలే ఉంటుందని ఇంకొందరంటారు. లెక్క వేస్తే 147 డిగ్రీలు వస్తుంది.

ఈ 120 డిగ్రీలు ఎక్కడివి? పైపులో ఒక కిలో గాలిని ఊహించుకోండి. దానికి తన అంతర్గత శక్తి `u` ఎలాగూ ఉంది. అయితే అది తనంతట తాను ట్యాంకులోకి నడిచి వెళ్ళలేదు. రద్దీ బస్సు మెట్ల మీద నిలబడ్డవాణ్ణి వెనకవాళ్ళు లోపలికి తోసినట్టు, లైనులో వెనకున్న గాలి దాన్ని తోసింది. ప్రెషర్ `P`, ఆ కిలో గాలి ఘనపరిమాణం `v` అయితే, అలా తోయడానికి చేసిన పని `Pv`. దీన్నే ఫ్లో వర్క్ అంటారు. ఈ రెండూ కలిస్తే ఎంథాల్పీ, `h = u + Pv`. లోపలికి వచ్చే ప్రతి కిలో గాలీ `u` ఒక్కటే కాదు, మొత్తం `h` మోసుకొస్తుంది.

ట్యాంకునే మన వ్యవస్థగా తీసుకుంటే ఉష్ణగతిక శాస్త్రం మొదటి నియమం చాలా చిన్నదైపోతుంది. మొదట లోపల ఏమీ లేదు. వేడి రాలేదు, పోలేదు. గోడలు కదల్లేదు కాబట్టి అక్కడ పనీ లేదు. లోపలికి వచ్చిన గాలి `m` కిలోలు, చివర్లో దాని కిలో అంతర్గత శక్తి `u2` అనుకుంటే, వచ్చిన శక్తంతా లోపలే ఉండిపోయింది:

`m·u2 = m·h`, అంటే `u2 = h`

లోపలికొచ్చాక గాలి ఇక ఎవరినీ తోయదు, ఎక్కడికీ ప్రవహించదు. ఫ్లో వర్క్‌గా వచ్చిన భాగం కూడా అంతర్గత శక్తిగానే మిగలాలి. 27 డిగ్రీల (300 కెల్విన్) గాలికి ఆ భాగం కిలోకు 86 కిలోజౌళ్ళు. స్థిర ఘనపరిమాణంలో కిలో గాలిని ఒక డిగ్రీ పెంచడానికి 0.718 కిలోజౌళ్ళు కావాలి. భాగిస్తే 120 వస్తుంది. గాలిని ఆదర్శ వాయువుగా తీసుకుంటే ఇదే మాటను `T2 = γT` అని రాస్తారు. ఇక్కడ `T` లైనులో గాలి ఉష్ణోగ్రత, `T2` ట్యాంకులో చివరి ఉష్ణోగ్రత, రెండూ కెల్విన్‌లలోనే. γ అంటే కిలో గాలిని ఒక డిగ్రీ పెంచడానికి స్థిర ప్రెషర్‌లో కావలసిన వేడికీ, స్థిర ఘనపరిమాణంలో కావలసిన వేడికీ ఉన్న నిష్పత్తి. గాలికి దాని విలువ 1.4 కాబట్టి 300 × 1.4 = 420 కెల్విన్, అంటే 147 డిగ్రీలు.

ఈ సూత్రంలో ట్యాంకు సైజు లేదు, ప్రెషర్ కూడా లేదు. ట్యాంకు బిందెంతదైనా గదంతదైనా, లైనులో 2 బార్ ఉన్నా 10 బార్ ఉన్నా జవాబు మారదు. వాల్వ్‌ను మధ్యలో మూసేసినా లోపలి సగటు ఉష్ణోగ్రత అదే. పరీక్షల్లో విద్యార్థులను తికమక పెట్టేది ఈ ముక్కే. ట్యాంకు వాల్యూమ్ ఇవ్వలేదని ప్రశ్నే తప్పనుకుంటారు.

ఈ వేడెక్కడాన్ని గమనించిన తొలి ప్రయోగాల్లో ఒకటి 1807లో ఫ్రెంచి శాస్త్రవేత్త గే-లుసాక్ చేశాడు. 12 లీటర్ల పాత్రలు రెండు తీసుకుని, ఒకదాన్ని ఖాళీ చేసి, రెండోదాన్నుంచి అందులోకి గాలి వదిలాడు. గాలి పోయిన పాత్ర చల్లబడింది, గాలి నిండిన పాత్ర దాదాపు అంతే వేడెక్కింది. అక్కడ లైను లేదు, తోసే పాత్రలో ప్రెషర్ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి మన 1.4 లెక్క యథాతథంగా పనికిరాదు. తోసిన గాలి శక్తి పోగొట్టుకుంటుంది, తోయించుకున్న గాలి దాన్ని పొందుతుంది అన్న సంగతి మాత్రం అదే.

మరి వర్క్‌షాపులో ట్యాంకు నింపాక చెయ్యి పెడితే కాలదేం? ఒక కారణం, మొదట్లోనే లోపల కాస్త గాలి ఉండటం. 27 డిగ్రీల గాలి 1 బార్‌లో ఉండగా 10 బార్ దాకా నింపితే లెక్క 131 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అసలు కారణం ఉక్కు గోడ. ఖాళీ చేసిన ఘనమీటరు ట్యాంకులో పట్టిన గాలి 8.3 కిలోలు. ట్యాంకు 250 కిలోల ఉక్కు అనుకుంటే, గాలిలోని అదనపు వేడినంతా ఆ ఉక్కు పీల్చేసుకుని చివరికి రెండూ కలిసి దాదాపు 6 డిగ్రీలే పెరుగుతాయి. 147 అన్నది గోడకు వేడి ఏమీ పోలేదనుకుంటే వచ్చే గరిష్ఠం.

అలా చల్లబడ్డాక గేజ్ చూస్తే లెక్క సరైనదని తెలుస్తుంది. వాల్వ్ మూసి ఉంటే 10 బార్ కాస్తా 7.3 బార్‌కు దిగుతుంది. లీకేజీ ఏమీ లేదు, ఉన్న గాలే చల్లబడింది. లీకైతే ఉష్ణోగ్రత స్థిరపడ్డాక కూడా ముల్లు దిగుతూనే ఉంటుంది.

హైడ్రోజన్ కార్ల ట్యాంకులకు ఈ వెసులుబాటు తక్కువ. లోపల ప్లాస్టిక్ పొర, పైన కార్బన్ ఫైబర్ ఉండే రకాల్లో వేడి గోడలోకి త్వరగా పోదు. నింపడమేమో కొద్ది నిమిషాల్లో అయిపోవాలి. ట్యాంకు 85 డిగ్రీలు దాటకూడదు. అందుకే 700 బార్ స్టేషన్లలో హైడ్రోజన్‌ను ముందే సుమారు మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచి పంపుతారు. పైపులో ఉన్నప్పుడే `h` తగ్గిస్తే ట్యాంకులో `u2` దానంతటదే తగ్గుతుంది.