సిల్వర్ బ్రోమైడ్‌లో ఉన్నది ఏ లోపం? పాఠ్యపుస్తకంలోని ఒక్క వాక్యం వెనక ముప్పై ఏళ్ళ వాదన

ఇంటర్ కెమిస్ట్రీలో ఘనస్థితి పాఠం చదివినవాళ్ళకు ఈ రెండు మార్కుల ప్రశ్న గుర్తుండే ఉంటుంది. షాట్కీ లోపానికి ఉదాహరణ సోడియం క్లోరైడ్, ఫ్రెంకెల్ లోపానికి ఉదాహరణ సిల్వర్ క్లోరైడ్. ఆ తర్వాత ఒక చిన్న వాక్యం వస్తుంది: సిల్వర్ బ్రోమైడ్ రెండు లోపాలనూ చూపుతుంది. మేమంతా దాన్ని బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నాం. రెండూ ఎలా చూపుతుంది, ఎంతెంత చూపుతుంది, ఆ సంగతి ఎవరు ఎలా కనిపెట్టారు అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ వాక్యం వెనక ఉన్న కథ చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

కథ 1926లో మొదలవుతుంది. లెనిన్‌గ్రాడ్ భౌతిక శాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్ ఒక జర్మన్ పత్రికలో రాసిన వ్యాసంలో, వేడికి ఊగిపోతున్న స్ఫటికంలో ఒక్కో అయాన్ తన చోటు వదిలి పక్కనున్న సందులోకి జారిపోగలదని ప్రతిపాదించారు. ఆ సందునే మన పుస్తకాలు అల్పాంతరాళం అంటాయి. అయాన్ వదిలిన చోట ఖాళీ మిగులుతుంది, సందులో ఒక అదనపు అయాన్ చేరుతుంది. ఘన లవణం గుండా కరెంటు ఎలా పారుతుందన్న ప్రశ్నకు అది తొలి సరైన జవాబు. 1930లో జర్మనీలో కార్ల్ వాగ్నర్, వాల్టర్ షాట్కీ కలిసి ఇలాంటి లోపాల లెక్కను సాధారణ సిద్ధాంతంగా మలిచారు. 1935లో షాట్కీ ఇంకో అవకాశం ముందుకు తెచ్చారు. సోడియం క్లోరైడ్ లాంటి లవణాల్లో సందులు ఇరుకు కాబట్టి అయాన్ అందులో దూరడం కష్టం. దానికంటే ఒక కాటయాన్, ఒక ఆనయాన్ రెండూ తమ చోట్లు ఖాళీ చేసి స్ఫటికం ఉపరితలం మీదికి చేరడం తేలిక అన్నారు. అప్పుడు లోపల రెండు ఖాళీలు మిగులుతాయి.

రెండు పద్ధతుల్లోనూ లోపాలు జంటగానే రావడం యాదృచ్ఛికం కాదు. లోహంలో ఒక్క ఖాళీ ఒంటరిగా రావచ్చు, ఇబ్బంది లేదు. అయానిక స్ఫటికంలో కుదరదు. ఒక సోడియం అయాన్ వెళ్ళిపోతే ఆ చోట ఒక యూనిట్ రుణావేశం మిగిలినట్టే. అలాంటివి వంద కోట్ల సోడియం స్థానాలకు ఒకటి చొప్పున, తోడుగా క్లోరైడ్ ఖాళీలు లేకుండా, ఒక ఘన సెంటీమీటరు ఉప్పులో ఉన్నాయనుకుందాం. ఆ ముక్కలో సోడియం అయాన్లు సుమారు 2.2 × 10²² ఉంటాయి. అంటే ఒంటరి ఖాళీలు 2.2 × 10¹³, వాటి మొత్తం ఆవేశం దాదాపు 3.5 మైక్రోకూలుంబులు. అంత ఆవేశాన్ని అంత చిన్న గోళంలో పెడితే దాని పొటెన్షియల్ సుమారు 50 లక్షల వోల్టులకు చేరుతుంది. చుట్టూ ఉన్న గాలి తట్టుకోలేదు, మెరుపు కొడుతుంది. వంద కోట్లకు ఒకటి తేడాకే ఈ పరిస్థితి. అందుకే స్ఫటికం లోపలి భాగంలో ధన, రుణ లెక్కలు సరిపోయి తీరాలి.

ఇక్కడ 'జంట' అన్న మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. బొమ్మల్లో ఖాళీ, దాని పక్కనే సందులోని అయాన్ చూపిస్తారు. అసలు సంగతి వేరు. వేడికి పుట్టిన ఖాళీ ఒక మూల ఉండవచ్చు, సందులో అయాన్ ఎక్కడో దూరంగా తిరుగుతూ ఉండవచ్చు. జంట అనేది మొత్తం స్ఫటికానికి సంబంధించిన పద్దు, పక్కపక్కన కూర్చున్న ఇద్దరి సంగతి కాదు. నిలకడగా ఉండేది ఆ రెండింటి సంఖ్యల లబ్ధం. ఒక ఉష్ణోగ్రత దగ్గర ఖాళీల సంఖ్యను సందు అయాన్ల సంఖ్యతో గుణిస్తే స్థిరాంకం వస్తుంది. నీటిలో హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లకు చదువుకున్న అయానిక లబ్ధం లాంటిదే ఇదీ.

ఈ రెండు నియమాలూ చేతిలో ఉంటే స్ఫటికాన్ని ప్రశ్నించవచ్చు. వాగ్నర్, ఇ. కోఖ్ 1937లో చేసింది అదే. సిల్వర్ హాలైడ్లలో కాస్త కాడ్మియం లేదా లెడ్ లవణం కరిగించి వాహకత కొలిచారు. కాడ్మియం అయాన్‌కు రెండు ధనావేశాలు. అది ఒక వెండి అయాన్ చోట కూర్చుంటే ఒక ధనావేశం ఎక్కువవుతుంది. పద్దు సరిచేయడానికి ఇంకో వెండి అయాన్ వెళ్ళిపోయి ఖాళీ మిగలాలి.

ఊహా సంఖ్యలతో చూద్దాం. శుద్ధమైన స్ఫటికంలో 100 వెండి ఖాళీలు, సందుల్లో 100 వెండి అయాన్లు ఉన్నాయనుకోండి. లబ్ధం 10,000. సందులోని అయాన్ ఖాళీకంటే 4 రెట్లు చురుగ్గా కదులుతుందనుకుందాం. వాహకత 100 + 4 × 100, అంటే 500. ఇప్పుడు 150 కాడ్మియం అయాన్లు చేర్చాం. ఖాళీలు సందు అయాన్లకంటే 150 ఎక్కువుండాలి, లబ్ధం 10,000 దగ్గరే ఉండాలి. ఖాళీలు 200, సందు అయాన్లు 50 అయితేనే రెండూ కుదురుతాయి. వాహకత 200 + 4 × 50, అంటే 400. మలినం చేర్చితే వాహకత తగ్గింది! ఇంకా కాడ్మియం పోసి 990కి తెస్తే ఖాళీలు 1000, సందు అయాన్లు 10. వాహకత 1040కి ఎగబాకుతుంది. మొదట దిగి, తర్వాత ఎక్కే ఈ వంపు సిల్వర్ బ్రోమైడ్‌లో నిజంగానే కనిపించింది. సోడియం క్లోరైడ్‌లో కాడ్మియం వేస్తే ఆ దిగుడు ఉండదు, మొదటినుంచీ ఎక్కుడే. అక్కడ చురుగ్గా కదిలేది సోడియం ఖాళీయే, కాడ్మియం పెంచేదీ దాన్నే.

ఈ వంపు ఒక్కటే సాక్ష్యమైతే తీర్పు చెప్పలేం. సందులో వెండి అనే చోట 'బ్రోమైడ్ ఖాళీ' అని రాసి, అది చురుకైనదని అనుకుంటే షాట్కీ లెక్కలోనూ అదే వంపు వస్తుంది. గణితం ఒకటే. బ్రిస్టల్‌లో ఫోటోగ్రఫీ ఫిల్ముల వెనకున్న భౌతికశాస్త్రం మీద పనిచేసిన జె.డబ్ల్యూ. మిచెల్ 1940ల చివర్లో సిల్వర్ హాలైడ్లలో ఉన్నది షాట్కీ లోపమేనని గట్టిగా వాదించారు కూడా. ఫిల్మ్ మీద వెలుగు పడ్డప్పుడు కనిపించని ప్రతిబింబం ఎలా ఏర్పడుతుందన్న పెద్ద వివాదం దీనితో ముడిపడి ఉంది కాబట్టి ఇది మామూలు తగాదా కాదు.

తేల్చడానికి రెండు వేరే సాక్ష్యాలు కావాల్సి వచ్చాయి. ఒకటి అప్పటికే ఉంది. జర్మనీలోని హాలెలో కార్ల్ టుబాండ్ట్ 1920ల నాటికే సిల్వర్ హాలైడ్ బిళ్ళలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వెండి ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు పంపి, తర్వాత విడదీసి ఒక్కోటీ తూచారు. ఆనోడ్ దగ్గర కరిగిన వెండికి, కాథోడ్ దగ్గర పేరుకున్న వెండికి లెక్క సరిపోయింది. మధ్య బిళ్ళల బరువు మారలేదు. కరెంటును మోసేది వెండి అయానే, బ్రోమైడ్ దాదాపు కదలడం లేదు. చురుకైన బ్రోమైడ్ ఖాళీ అన్న ఊహ అక్కడే బలహీనపడింది.

రెండోది సాంద్రత. పుస్తకాలు 'షాట్కీ లోపం వల్ల సాంద్రత తగ్గుతుంది' అని ఒక్క ముక్కలో చెప్పేస్తాయి గానీ, ఉప్పును వేడిచేసి తూచితే మామూలు వ్యాకోచమే అంతా కప్పేస్తుంది. మలినం వేసి చూస్తే మాత్రం తేడా బయటపడుతుంది. 1950లో హెచ్. పిక్, హెచ్. వెబర్ పొటాషియం క్లోరైడ్‌లో కాల్షియం క్లోరైడ్ కలిపి సాంద్రత కొలిచారు. వెయ్యి పొటాషియం స్థానాల్లో ఒకటి కాల్షియందనుకుందాం. ఖాళీలు వస్తాయనుకుంటే రెండు పొటాషియంలు (78.2) పోయి ఒక కాల్షియం (40.1) వస్తుంది, బరువు 38 యూనిట్లు తగ్గుతుంది. ఖాళీ రాకుండా అదనపు క్లోరైడ్ సందులో చేరుతుందనుకుంటే బరువు 36 యూనిట్లు పెరుగుతుంది. మొత్తం బరువు 74,550 యూనిట్లు కాబట్టి తేడా పదివేలకు అయిదు పాళ్ళే, అయితే ఒకటి తగ్గుదల, ఇంకోటి పెరుగుదల. కొలిస్తే సాంద్రత తగ్గింది. రెండు ఆవేశాల మలినం వేస్తే పద్దు సరిచేసేది ఖాళీలేనని, అంటే కాడ్మియం లెక్కలో అనుకున్న సంగతి నిజంగా జరుగుతుందని, ఆ లవణంలో తేలింది.

సిల్వర్ బ్రోమైడ్‌లో ప్రధానంగా ఉన్నది వెండి వైపు ఫ్రెంకెల్ లోపమేనని 1950ల్లో అందరూ ఒప్పుకున్నారు. ద్రవీభవన స్థానం 432 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాదాపు వందకు ఒక వెండి అయాన్ సందుల్లో ఉంటుంది. మరి 'రెండూ' అన్న మాట ఎక్కడిది? రేడియోధార్మిక బ్రోమిన్‌తో చూసినప్పుడు బ్రోమైడ్ కూడా అతి నెమ్మదిగా కదులుతోందని తెలిసింది, అందుకు ఖాళీలు కావాలి. అవి ఉన్నాయి, కొద్దిగా. ఇందులో నాకు బాగా నచ్చే విషయం వెండి ఖాళీ రెండు పద్దుల్లోనూ ఉండటం. అది సందు వెండితో ఒక లబ్ధంలో, బ్రోమైడ్ ఖాళీతో ఇంకో లబ్ధంలో పాల్గొంటుంది. తటస్థత నియమం ఈ రెండింటినీ కలిపి కట్టేస్తుంది: వెండి ఖాళీల సంఖ్య = సందు వెండి + బ్రోమైడ్ ఖాళీలు. అంటే అవి రెండు వేర్వేరు జబ్బులు కావు. నిజానికి ఏ అయానిక లవణంలోనైనా రెండూ ఉంటాయి, ఒకటి ఎక్కువ, ఒకటి చాలా తక్కువ. పుస్తకంలోని వాక్యం అబద్ధం కాదు, కానీ 'ప్రధానంగా ఫ్రెంకెల్' అన్న మాట లేకపోతే సగమే చెప్పినట్టు.

ఇంకో మాట కూడా సరిచేయాలి. కాటయాన్ చిన్నదైతే ఫ్రెంకెల్ లోపం వస్తుందని నేర్పుతారు. ఆరుగురు పొరుగువాళ్ళున్న చోట వెండి అయాన్ వ్యాసార్థం 1.15 ఆంగ్‌స్ట్రామ్‌లు, సోడియందేమో 1.02. వెండే పెద్దది! అయినా సోడియం బ్రోమైడ్‌లో షాట్కీ, సిల్వర్ బ్రోమైడ్‌లో ఫ్రెంకెల్. కారణం వెండి అయాన్ ఎలక్ట్రాన్ మబ్బు తేలిగ్గా వంగి రూపు మార్చుకోగలగడం, బ్రోమైడ్‌తో దాని బంధం పూర్తిగా అయానికం కాకపోవడం.

సరే, మన వంటింట్లో ఉప్పురేణువు సంగతి? 0.3 మిల్లీమీటర్ల భుజం ఉన్న ఘనంలో దాదాపు 6 × 10¹⁷ సోడియం అయాన్లు ఉంటాయి. షాట్కీ జంటకు సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గది ఉష్ణోగ్రతకు లెక్కిస్తే, కంపనాల ఎంట్రోపీని పక్కన పెడితే, ఖాళీల వంతు 10⁻²⁰ లోపే. రేణువు మొత్తానికి సమతాస్థితిలో ఒక్క ఖాళీ కూడా రాదు. అదే రేణువులో పది లక్షలకు ఒకటి చొప్పున కాల్షియం ఉంటే, పద్దు సరిచేయడానికి 6 × 10¹¹ సోడియం ఖాళీలు ఉండి తీరాలి. చల్లగా ఉన్నప్పుడు వాటిలో చాలావరకు కాల్షియం అయాన్ల పక్కకే చేరి అతుక్కుపోతాయి. మనం తినే ఉప్పులో ఉన్న ఖాళీలు దాదాపు అన్నీ ఇలా వచ్చినవే.