“ఒక్కరేనా?” అని అడగొద్దు: రెస్టారెంట్ గుమ్మం దగ్గరి అపోహలు, వాస్తవాలు

కొత్తగా చేరిన హోస్ట్‌లకీ సర్వర్లకీ శిక్షణ ఇవ్వడం నా పని. పలకరింపు విషయంలో వాళ్లు బయట నేర్చుకుని వచ్చే నమ్మకాల్లో మూడింటిని ముందుగా మాన్పించాల్సి వస్తుంది.

అపోహ: నవ్వుతూ పలకరిస్తే చాలు, ఎవరికైనా అవే మాటలు సరిపోతాయి.

వాస్తవం: నవ్వు అందరికీ ఒకటే, మాటలు మాత్రం మారాలి. ఒంటరిగా వచ్చిన మనిషికి గుమ్మం దగ్గర ఉండే ఇబ్బంది నలుగురూ తనవైపే చూస్తున్నారేమోనని. అలాంటివాళ్లని “ఒక్కరేనా అండి?” అని అడిగితే ఎవరో రాలేదని గుర్తుచేసినట్టు ఉంటుంది. “టేబుల్ ఎంతమందికి కావాలండి?” అంటే ఎవరికైనా సరిపోతుంది. ఒక్కరికే అన్నారనుకోండి, “అలాగేనండి, రండి. కిటికీ పక్కన ఒకటి ఖాళీగా ఉంది, లోపల గోడవారగా ఇంకొకటి ఉంది. ఎక్కడ కూర్చుంటారు?” అనండి. ఎంచుకునే వీలు ఇవ్వడమే ఇక్కడ అసలు మర్యాద. వంటగది తలుపు దగ్గరో, టాయిలెట్ దారిలోనో ఉన్న చిన్న టేబుల్‌ని ఒంటరిగా వచ్చినవాళ్లకి అంటగట్టడం మన రంగంలో పాత అలవాటు. ఆ మనిషి ఏమీ అనరు, మళ్లీ మాత్రం రారు.

ఇంకొకటి. ఎదురుగా పేర్చిన ప్లేటు, గ్లాసు వాళ్లు కూర్చోకముందే తీసేయాలి. కూర్చున్నాక చప్పుడు చేస్తూ తీస్తే పక్క టేబుళ్లవాళ్లంతా తలలు తిప్పి చూస్తారు.

అపోహ: ఒంటరిగా వచ్చినవాళ్లకి తోడు లేదు కాబట్టి సర్వరే కాసేపు కబుర్లు చెప్పాలి.

వాస్తవం: చాలామంది ప్రశాంతంగా తినడానికే ఒంటరిగా వస్తారు. మొదటి ప్రశ్నకి వచ్చే జవాబు చూస్తే తెలిసిపోతుంది. ముక్తసరిగా చెప్పి పుస్తకమో ఫోనో తెరిచారంటే పనికి కావలసిన మాటలతో ఆపేయాలి. వాళ్లే వంటకాల గురించి, మన గురించి అడుగుతుంటే మాట్లాడొచ్చు. అయితే మంచినీళ్లు, మెనూ మాత్రం ఆలస్యం కాకూడదు. మాట్లాడుకోవడానికి ఎదురుగా మనిషి లేనప్పుడు రెండు నిమిషాలు కూడా చాలాసేపు అనిపిస్తాయి.

అపోహ: కుటుంబం వస్తే పెద్దాయనని పలకరిస్తే అందరినీ పలకరించినట్టే.

వాస్తవం: టేబుల్ బుక్ చేసింది కూతురు కావచ్చు, బిల్లు కట్టేది అమ్మ కావచ్చు. అందరివైపూ చూసి నమస్కారం చెప్పి, ఎంతమందో గుంపు మొత్తాన్నీ అడగాలి. ఎవరు జవాబిస్తే తర్వాతి మాటలు వాళ్లతో. “మీ నాన్నగారాండీ?” లాంటి వరసలు మనం కలపకూడదు. ఆయన భర్త అయితే ఆ భోజనమంతా ఇబ్బందిగానే సాగుతుంది. పిల్లల్ని పెద్దవాళ్ల తర్వాత, కాస్త వంగి పలకరిస్తే చాలు. బుగ్గలు గిల్లడం, ఎత్తుకోబోవడం వద్దు.

రద్దీ సాయంత్రం ఒకటి ఊహించుకోండి. చేతికర్రతో ఒక పెద్దావిడ, కొడుకూ కోడలూ, ఏడేళ్ల బాబు, చంకలో పాప, మొత్తం అయిదుగురు వచ్చారు. వెనకే ఒకావిడ ఒంటరిగా వచ్చి నిలబడ్డారు. ఇక్కడ హోస్ట్ ఎక్కువగా చేసే పొరపాటు కుటుంబంతో మాటల్లో పడి వెనకున్న ఆవిడని చూడకపోవడం. ముందు ఆవిడ కళ్లలోకి చూసి “నమస్కారమండీ, ఒక్క నిమిషంలో మీ దగ్గరికి వస్తాను” అనాలి. ఆ ఒక్క మాటతో ఆవిడ నిలకడగా ఆగుతారు.

తర్వాత కుటుంబం. పెద్దావిడని ముందు కుర్చీలో కూర్చోబెట్టాలి, టేబుల్ సిద్ధమయ్యేదాకా ఆవిడని నిలబెట్టకూడదు. “పాపకి హై చెయిర్ వేయమంటారా?” అని అడగాలి. ఒళ్లో కూర్చోబెట్టుకునేవాళ్లూ ఉంటారు కాబట్టి అడగకుండా తెచ్చిపెట్టొద్దు. వేస్తే సర్వర్లు వేడి పళ్లేలతో తిరిగే దారివైపు కాకుండా గోడవైపు వేయాలి. టేబుల్‌కి ఇరవై నిమిషాలు పట్టేలా ఉంటే పదేనని చెప్పొద్దు. ఆకలేసిన పిల్లలతో ఉన్నవాళ్లకి నిజం తెలిస్తే ఉండాలా వెళ్లాలా తేల్చుకుంటారు. ఈలోగా ఇద్దరికి సరిపడే టేబుల్ ఖాళీ అయితే వెనకొచ్చిన ఆవిడని ముందు కూర్చోబెట్టవచ్చు. కానీ “అది ఇద్దరి టేబుల్ అండి, మీకు పెద్దది శుభ్రం చేస్తున్నాం” అని కుటుంబానికి చెప్పకుండా పంపితే గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇక హోస్ట్ నుంచి సర్వర్‌కి అందాల్సిన సమాచారం. “ఏడో నంబర్, అయిదుగురు, పెద్దావిడకి చేతికర్ర ఉంది, బాబుకి వేరుశనగ పడదట” అని నాలుగు ముక్కల్లో చెప్పేయాలి. గుమ్మం దగ్గర అంతా చెప్పిన తల్లిని సర్వర్ మళ్లీ మొదటినుంచి అడిగితే, లోపల ఎవరూ తన మాట వినలేదని అనుకుంటుంది. ఒక్కదాన్ని మాత్రం సర్వర్ తిరిగి అడిగి తీరాలి, ఆ వేరుశనగ సంగతి. “బాబుకి వేరుశనగ పడదని చెప్పారు, వంటగదిలో చెప్తున్నాను. ఇంకేమైనా పడనివి ఉన్నాయా అండి?” అని అడిగి, ఆర్డర్ చీటీ మీద రాసుకున్నాకే మెనూలోకి వెళ్లాలి.