బాబాయి తల చుట్టూ తెల్లటి వెలుగు

గృహప్రవేశం రోజు బాబాయి వాకిట్లో నిలబడి, చెయ్యి చాచి, "రండి రండి, భోజనాలకి లేవండి" అంటుండగా తీసిన ఫోటో ఒకటి నా ఫోన్లో ఉంది. తెల్ల లాల్చీ, భుజాన కండువా, అంతకు ముందురోజే రంగేసుకున్న నల్లటి జుట్టు, వెనక లేత క్రీమ్ రంగు గోడ. దీన్ని వాట్సాప్ స్టిక్కర్ చేస్తే మా ఫ్యామిలీ గ్రూపులో రోజూ పన్నెండున్నరకి వాడుకోవచ్చనిపించింది. ఫోన్లోనే బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి, వెనక గోడను తీసేసి పంపాను. పది నిమిషాల్లో పిన్ని నుంచి జవాబు: "ఏరా, మీ బాబాయికి తల వెనక చక్రం పెట్టావేంట్రా?"

నా ఫోన్లో చాట్ తెల్లగా ఉంటుంది కాబట్టి నాకేమీ కనబడలేదు. పిన్ని డార్క్ మోడ్ వాడుతుంది. ఆ నల్లటి తెర మీద బాబాయి జుట్టు చుట్టూ క్యాలెండర్లో దేవుడికి ఉన్నట్టు ఓ వెలుగు గీత.

ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చింది? కత్తిరించడం అనగానే మనకు కత్తెర గుర్తొస్తుంది. ఇటు బాబాయి, అటు గోడ, మధ్యలో పదునైన గీత. ఫోటోలో అలాంటి గీత ఉండదు. కెమెరాలో ఒక్కో పిక్సెల్ చిన్న గడి లాంటిది. ఆ గడిలో సగం జుట్టు, సగం గోడ పడితే, కెమెరా రెండింటి వెలుగునూ కలిపి ఒకే రంగుగా రాసేస్తుంది. జుట్టు వెలుగు 40, గోడ వెలుగు 240 అనుకుందాం (0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు). అంచు గడిలో పడేది వాటి సగటు, 140. అది జుట్టూ కాదు, గోడా కాదు.

పారదర్శకత ఉన్న బొమ్మలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు నాలుగో అంకె ఒకటి ఉంటుంది. దాన్ని ఆల్ఫా అంటారు. అది 0 అయితే పిక్సెల్ కనబడదు, 255 అయితే పూర్తిగా కనబడుతుంది, మధ్యలో ఉంటే వెనకదాన్ని కొంత చూపిస్తుంది. 1970ల చివర్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ న్యూయార్క్‌లో పనిచేస్తున్నప్పుడు దీన్ని బొమ్మలో భాగం చేశారు. ఒకదాని మీద ఒకటి పరిచే లెక్కలను 1984లో పోర్టర్, డఫ్ ఒక పత్రంలో స్థిరపరిచారు. లెక్క తేలికే:

```
కనబడే రంగు = ఆల్ఫా × బొమ్మ రంగు + (1 − ఆల్ఫా) × వెనక రంగు
```

ఇక్కడ ఆల్ఫాను 0 నుంచి 1 వరకు కొలుస్తున్నాం. మన అంచు గడిలో సగమే జుట్టు ఉంది కాబట్టి ఆల్ఫా 0.5. పిన్ని డార్క్ మోడ్ వెలుగు 20 అనుకుందాం. అక్కడ కనబడాల్సింది జుట్టు రంగులో సగం, చాట్ రంగులో సగం, అంటే 20 + 10 = 30. కానీ ఫోన్ ఆల్ఫాను సరిగ్గానే పెట్టినా, రంగు అంకెను మార్చలేదు. అందులో ఇంకా 140 ఉంది. కాబట్టి 70 + 10 = 80 వచ్చింది. ముప్పై ఉండాల్సిన చోట ఎనభై! జుట్టు చుట్టూ అలాంటి గడులన్నీ వరసకడితే అదే పిన్ని చూసిన చక్రం. గోడను తీసేశామనుకున్నాం గానీ, గోడ రంగు అంచుల్లో అంటుకునే ఉంది.

నాలాగా మీ ఫోన్లో మాత్రమే చూస్తే ఇది తెలియదు. బొమ్మ కింద ఒకసారి నలుపు, ఒకసారి తెలుపు, ఒకసారి ముదురు గులాబీ పొర పెట్టి, బాగా పెద్దది చేసి చూడాలి. గులాబీ ఎందుకంటే, చర్మంలో గానీ గోడలో గానీ ఆ రంగు సాధారణంగా ఉండదు, తేడా ఇట్టే దొరుకుతుంది.

బాగుచేయడానికి అందరికీ అందే దారి అంచును కొంచెం లోపలికి జరపడం. నేను గింప్ అనే, ఉచితంగా దొరికే ఫోటోలు దిద్దే ప్రోగ్రాంలో చేశాను. ఫోటో అసలు సైజులో ఉండగానే బాబాయి చుట్టూ ఎంపిక గీసి, `Select` మెనూలో `Shrink` తో 2 పిక్సెళ్లు లోపలికి లాగి, `Feather` తో 1 పిక్సెల్ మెత్తబరిచి, బయటిది తీసేశాను. రెండు రంగులూ కలిసిన గడులు చాలావరకు అవతల పడిపోయాయి. ఎగిరే వెంట్రుకలు కొన్ని పోయాయి, పోనీండి, స్టిక్కర్లో అవి ఎలాగూ మురికిలాగే కనబడతాయి. ఇదంతా పెద్ద సైజులోనే చెయ్యాలి. ముందే చిన్నది చేసేస్తే 2 పిక్సెళ్లు అంటే చెవిలో ముక్కే పోతుంది.

ఇక సైజు. వాట్సాప్ స్టిక్కర్ కచ్చితంగా 512 × 512 పిక్సెళ్లు ఉండాలి, కదలని స్టిక్కర్ ఫైలు 100 కేబీ లోపు ఉండాలి, ఫార్మాట్ వెబ్‌పీ. చుట్టూ 16 పిక్సెళ్ల ఖాళీ, బొమ్మకు 8 పిక్సెళ్ల తెల్ల అంచు పెట్టమని వాట్సాప్ సలహా. అంటే 512లో రెండు వైపులా 16 పోతే 480, తెల్ల అంచు పోతే బాబాయికి మిగిలేది 464.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదట బాబాయిని తల నుంచి కాళ్ల దాకా కత్తిరించాను. ఫోటోలో ఆయన 900 వెడల్పు, 1800 ఎత్తు. 464లో ఇరికిస్తే ఆయన వెడల్పు 232కి పడిపోయింది, మొహం చింతగింజంత అయింది. భోజనానికి పిలిచే ఆ నవ్వే కనబడకపోతే స్టిక్కర్ ఎందుకు? నడుము దగ్గర ఆపేశాను. అప్పుడు 900 × 1000 అయింది, అది 418 × 464గా కుదిరింది. మొహం దాదాపు రెట్టింపయింది. నడుము దగ్గర అడ్డంగా కోస్తే గోడకు తగిలించిన బొమ్మలా ఉంటుంది కాబట్టి కింది అంచును కొద్దిగా వంపు తిప్పాను.

చిన్నది చేసి, నలువైపులా ఖాళీ పెట్టడానికి ఆజ్ఞలు టైప్ చేసి బొమ్మల్ని మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాంలో ఒక్క ఆజ్ఞ చాలు:

```
magick babai.png -channel A -level 10%,100% +channel -trim +repage -resize 464x464 -background none -gravity center -extent 512x512 s1.png
```

ఇందులో `-level` ముక్క అనవసరం అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అది లేకుండా చేస్తే బాబాయి ఓ మూల బొమ్మలా చిన్నగా వచ్చాడు. వెతగ్గా వెతగ్గా తేలిందేంటంటే, గోడను తుడిచేటప్పుడు పై మూలన కంటికి కనబడనంత పలచటి పిక్సెళ్లు రెండు మిగిలాయి. `-trim` దృష్టిలో అవి కూడా బొమ్మే, అందుకని అక్కడిదాకా ఖాళీని ఉంచేసింది. పదో వంతు కన్నా పలచగా ఉన్నవాటిని పూర్తిగా ఖాళీ చేశాక సర్దుకుంది.

కొన్ని యాప్‌లలో చిన్నది చేస్తే తెల్ల గీత బదులు సన్నటి నల్ల గీత వస్తుంది. ఇదీ అంచు గొడవే. కనబడని పిక్సెల్‌కి కూడా కింద ఏదో ఒక రంగు అంకె రాసి ఉంటుంది, తరచుగా నలుపు. చిన్నది చేసేటప్పుడు పక్కపక్క గడుల సగటు తీస్తారు. ఆల్ఫాను పట్టించుకోకుండా సగటు తీస్తే ఆ దాగిన నలుపు బాబాయి లాల్చీలోకి ఎక్కేస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్ ఆల్ఫాను బట్టి తూకం వేసి సగటు తీస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. అన్నట్టు, ఈ దాగిన రంగు ఇంకో చిక్కు తెస్తుంది. మాస్క్‌తో దాచిన పీఎన్‌జీలో వెనక గోడ, గోడ మీది క్యాలెండరు, పక్కనున్న మనిషి ఇంకా అలాగే ఉండొచ్చు. ఆల్ఫా తీసేస్తే అంతా బయటపడుతుంది.

తర్వాత మళ్లీ గింప్‌లో బొమ్మ ఆకారాన్ని ఎంపిక చేసి, `Grow` తో 8 పిక్సెళ్లు పెంచి, కింది పొరలో తెలుపు నింపాను. మిగిలిన చిన్నాచితకా మచ్చల్ని ఈ అంచు కప్పేస్తుంది. బాబాయి విషయంలో ఒక ఇబ్బంది వచ్చింది. తెల్ల లాల్చీ, తెల్ల అంచు కలిసిపోయి భుజం ఎక్కడో తెలియకుండా పోయింది. లాల్చీని కాస్త ముదురు చేసి, మడతల నీడలు పెంచాక భుజం మళ్లీ తేలింది. దాన్ని `s2.png` పేరుతో దాచాను.

ఆఖరి మెట్టు ఫైలు. జేపెగ్‌లో ఆల్ఫాకి చోటే లేదు, అందుకే స్టిక్కర్‌ని మామూలు ఫోటోలా పంపితే ఖాళీ చోటంతా నలుపో తెలుపో అయి కూర్చుంటుంది. జిఫ్‌లో పిక్సెల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు, మధ్య మెట్లు లేవు, కాబట్టి అంచు రంపపు పళ్లలా వస్తుంది. పీఎన్‌జీలో అన్నీ ఉన్నాయి గానీ ఫోటోకి బరువెక్కువ. 512 × 512 అంటే 2,62,144 పిక్సెళ్లు, ఒక్కోదానికి నాలుగు బైట్లు, మొత్తం 10,48,576 బైట్లు. దాన్ని 100 కేబీలోకి దించాలంటే పదో వంతు చెయ్యాలి. ఒక్క అంకె కూడా పోకుండా కుదించే పీఎన్‌జీకి ఫోటోతో అది తరచుగా కుదరదు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ ఇక్కడ తెలివిగా పనిచేస్తుంది. రంగుల్ని కంటికి తెలియనంత వదులుకుంటూ కుదిస్తుంది, ఆల్ఫాను మాత్రం విడిగా, ఏమీ పోకుండా దాస్తుంది. పీఎన్‌జీని వెబ్‌పీగా మార్చడానికి `cwebp` అనే చిన్న ప్రోగ్రాం ఉంది:

```
cwebp -q 80 -sharp_yuv s2.png -o babai.webp
```

నాకు 41 కేబీ వచ్చింది. వంద దాటితే `-q` విలువను 70కి, 60కి దించుకోవచ్చు. `-sharp_yuv` ఎందుకంటే, ఈ పద్ధతిలో వెలుగును ప్రతి పిక్సెల్‌కీ దాస్తారు గానీ, రంగును నాలుగు పిక్సెళ్లకి ఒకటి చొప్పునే దాస్తారు. తెల్ల అంచు పక్కన ఎర్రటి కండువా ఉంటే ఆ ఎరుపు అవతలికి చెదురుతుంది. ఈ మాట చేరిస్తే చాలావరకు ఆగుతుంది. స్టిక్కర్ అంతా గీసిన బొమ్మో, అక్షరాలో అయితే `-lossless` వాడటమే మేలు. చదునైన రంగులు అలా కూడా బాగా చిన్నవవుతాయి, "భోజనానికి" మాటలో గుడులూ దీర్ఘాలూ అలుక్కుపోవు.

ఇదే ఫైలు టెలిగ్రామ్‌కీ పనికొస్తుంది. అక్కడ ఏదో ఒక వైపు 512 ఉండి, రెండోది అంతకు మించకపోతే చాలు, చతురస్రం అక్కర్లేదు. బరువు 512 కేబీ దాకా ఒప్పుకుంటారు, పీఎన్‌జీ కూడా తీసుకుంటారు. వాట్సాప్‌లో పూర్తి ప్యాక్‌గా ఇవ్వాలంటే మాత్రం కనీసం మూడు స్టిక్కర్లు కావాలి, ముప్పై మించకూడదు, పైగా 96 × 96 సైజులో 50 కేబీ లోపు చిన్న గుర్తు బొమ్మ ఒకటి పెట్టాలి.

కొత్త స్టిక్కర్ మర్నాడు పన్నెండున్నరకి గ్రూపులో వేశాను. పిన్ని ఈసారి చక్రం ఊసెత్తలేదు. "ఆ కండువా మీద పప్పు మరకేంటి, ఆయన నాకు చెప్పనే లేదు" అంది.