పోల్స్ ఎడమవైపే ఉన్నాయి, మరి ఐసీ ఎందుకు కాలింది? ఎస్-ప్లేన్ గురించి అపోహలు, వాస్తవాలు

"సార్, పోల్స్ అన్నీ ఎడమ సగంలోనే ఉన్నాయి కదా, ఇంకా టెన్షన్ ఎందుకు?" పవర్ సప్లై బోర్డుల రివ్యూల్లో ఈ మాట నాకు తరచూ వినపడుతుంది. చదువుకునేటప్పుడు మనందరికీ మొదట ఎక్కించేది ఇదే: ఎడమ సగం అంటే స్టేబుల్, కుడి సగం అంటే అన్‌స్టేబుల్. అది నిజమే. కానీ చాలామంది అక్కడితో ఎస్-ప్లేన్‌ను మడిచి పక్కన పెట్టేస్తారు. దానివల్ల జరిగే నష్టం చూస్తూ ఉంటాను కాబట్టి ఈ ఒక్క విషయం వివరంగా రాస్తున్నాను. మిగతా అపోహలు చివర్లో క్లుప్తంగా.

అపోహ: పోల్స్ ఎడమవైపు ఉంటే చాలు, సర్క్యూట్ సురక్షితం.

ఎడమవైపు ఉండటం చెప్పేది ఒక్కటే, కదలిక ఎప్పటికైనా చచ్చిపోతుందని. చచ్చేలోపు అది ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎన్నిసార్లు ఊగుతుందో ఆ ఒక్క మాటలో లేదు. ఆ లోపలే ఐసీ పోవచ్చు.

మా టీమ్‌లో ఈ మధ్యే చేరిన ఒక అమ్మాయి బోర్డు సంగతి చెబుతాను. 12 వోల్టుల అడాప్టర్, మీటరు పొడవు కేబుల్, బోర్డు ఇన్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, దాని వెనుక 16 వోల్టులు దాటకూడని కన్వర్టర్ ఐసీ. అడాప్టర్ ఆన్‌లో ఉండగానే ప్లగ్ గుచ్చితే కొన్నిసార్లు ఐసీ పోయేది. కన్వర్టర్ ఫీడ్‌బ్యాక్ లూప్ లెక్కలన్నీ ఆమె చక్కగా చేసింది, అందులో తప్పేమీ లేదు. ఈలోగా ఎవరో "ఈ బ్యాచ్ ఐసీలు నకిలీవట" అన్నారు. ఇలాంటి మాటలంటే నాకు ఓపిక ఉండదు. ఒక్క కొలత కూడా తీయకుండా పుట్టిన మాట అది. పాపం ఆ అమ్మాయి మాత్రం తన డిజైన్‌లో ఏ పోల్ కుడివైపుకు జారిందోనని దిగులు పెట్టుకుని కూర్చుంది.

ఏ పోలూ కుడివైపుకు జారలేదు. చూడాల్సిన పోల్స్ ఆమె గీసిన బొమ్మలోనే లేవు. సిమ్యులేషన్‌లో ఆదర్శ వోల్టేజీ సోర్సును నేరుగా కెపాసిటర్‌కు కలిపారు. కేబుల్ ఇండక్టెన్స్ బొమ్మలో లేకపోతే దాని పోల్స్ కూడా రావు.

ఆ కేబుల్ ఇండక్టెన్స్‌ను సుమారు 1 మైక్రోహెన్రీ అనుకోండి. కేబుల్, కనెక్టర్, కెపాసిటర్ ఈఎస్ఆర్ అన్నీ కలిపి రెసిస్టెన్స్ 0.1 ఓమ్. ప్లగ్ గుచ్చిన తొలి మైక్రోసెకన్లలో కన్వర్టర్ ఇంకా మేలుకోదు కాబట్టి లోడ్ లేనట్టే, డ్యాంపింగ్‌కు అటునుంచి సాయం అందదు. మిగిలింది అందరికీ తెలిసిన సిరీస్ ఆర్ఎల్‌సీ:

```
H(s) = 1 / (LC·s² + RC·s + 1)
s = −R/2L ± j·√(1/LC − (R/2L)²)
```

అంకెలు వేస్తే పోల్స్ `−50,000 ± j3,12,000` దగ్గర పడతాయి. రెండూ ఎడమవైపే. ఇప్పుడు ఈ రెండు అంకెలను విడివిడిగా చదవాలి. రియల్ భాగం 50,000 అంటే ఎన్వెలప్ `e^(−50000t)` లెక్కన తగ్గుతుంది, అంటే టైమ్ కాన్‌స్టెంట్ 20 మైక్రోసెకన్లు. ఇమాజినరీ భాగాన్ని 2π తో భాగిస్తే సుమారు 50 కిలోహెర్ట్జ్, అదే రింగింగ్ ఫ్రీక్వెన్సీ. ఒక్కో ఊపుకు 20 మైక్రోసెకన్లు.

ఓవర్‌షూట్‌ను తేల్చేది ఈ రెండింటి నిష్పత్తి. స్టెప్‌కు మొదటి శిఖరం `e^(−π·50000/312000)`, అంటే దాదాపు 60 శాతం పైకి పోతుంది. 12 వోల్టులు పెడితే, ప్లగ్ తగిలిన 10 మైక్రోసెకన్లకు ఐసీ పిన్ను మీద 19.3 వోల్టులు. దాని హద్దు 16. నకిలీ ఐసీ అక్కర్లేదు, అసలు ఐసీకి కూడా ఇది చాలు. పైగా సిరామిక్ కెపాసిటర్లలో చాలా రకాలు డీసీ వోల్టేజీ మీద కెపాసిటెన్స్ కోల్పోతాయి. 10 అని రాసి ఉన్నది 5కు పడిపోతే, ఇదే లెక్కలో శిఖరం 20 దాటుతుంది.

ఇదంతా స్కోప్ మీద ఎదురు లెక్కగా కూడా తీయొచ్చు, ఆ పనే చేశాం. ఇన్‌పుట్ కెపాసిటర్ రెండు కొసల మీద ప్రోబ్ పెట్టి, సింగిల్ ట్రిగ్గర్‌లో ప్లగ్ గుచ్చాం. ఐసీ పోకుండా దాన్ని ముందే బోర్డు నుంచి తీసేశాం. మొదటి శిఖరం 19.3, తర్వాతిది 14.7, మధ్య దూరం 20 మైక్రోసెకన్లు. స్థిరపడే విలువ 12 ను తీసేస్తే 7.3, 2.7. వాటి నిష్పత్తికి సహజ లాగరిథమ్ దాదాపు 1. దాన్ని 20 మైక్రోసెకన్లతో భాగిస్తే 50,000, అదే రియల్ భాగం. ఇమాజినరీ భాగం 2π ను అదే 20 మైక్రోసెకన్లతో భాగిస్తే వస్తుంది. రెండు శిఖరాలు, ఒక సమయం తెలిస్తే పోల్ ఎక్కడుందో చెప్పేయొచ్చు. ఒక జాగ్రత్త: స్కోప్ మీద పదుల మెగాహెర్ట్జ్‌లో సన్నటి రింగింగ్ కనిపిస్తే, ముందు ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ తీగను అనుమానించండి. పొట్టి స్ప్రింగ్ గ్రౌండ్‌తో మళ్ళీ చూశాకే బోర్డును తప్పుపట్టండి.

అదే అపోహకు ఇంకో రూపం: కెపాసిటర్ మారిస్తే రింగింగ్ త్వరగా చస్తుంది.

పై సూత్రంలో రియల్ భాగం `−R/2L`. అందులో C లేదు. 10 మైక్రోఫారడ్ తీసి 1 పెట్టండి: పోల్స్ `−50,000 ± j10,00,000` దగ్గరికి, అంటే నిలువుగా పైకీ కిందికీ పోతాయి. ఎన్వెలప్ దాదాపు చచ్చిపోవడానికి నాలుగు టైమ్ కాన్‌స్టెంట్లు అనుకుంటే, ఆ సమయం రెండింటికీ అదే 80 మైక్రోసెకన్లు, కానీ ఆ లోపల ఊపులు నాలుగు కాదు, పన్నెండు దాటతాయి. ఓవర్‌షూట్ 85 శాతం. 100 మైక్రోఫారడ్ పెడితే పోల్స్ `−50,000 ± j87,000` కు దిగుతాయి, ఓవర్‌షూట్ 16 శాతానికి తగ్గుతుంది. ఎన్వెలప్ సమయం మాత్రం ఇప్పుడూ అదే 80.

అందుకే "పోల్ ఎంత ఎడమకుంటే రింగింగ్ అంత తక్కువ" అన్నది కూడా తప్పే. ఈ మూడు సందర్భాల్లోనూ పోల్స్ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి, స్కోప్ బొమ్మలు మాత్రం ఒకదానికొకటి పోలికే లేవు. గీతలో తేడా లేదు, కోణంలో ఉంది. మూలబిందువు నుంచి పోల్‌కు గీత గీసి, ఎడమ రియల్ అక్షంతో అది చేసే కోణం చూడండి. 1 మైక్రోఫారడ్‌కు 87 డిగ్రీలు, 10 కి 81, 100 కి 60. ఆ కోణం కొసైన్ విలువే డ్యాంపింగ్ రేషియో. ఎడమకు దూరం ఎంత అన్నది ఎంతసేపటికి చస్తుందో చెబుతుంది, కోణం ఆ లోపల ఎన్నిసార్లు ఊగుతుందో చెబుతుంది.

మరి ఆ బోర్డును ఎలా బాగుచేశాం? 10 మైక్రోఫారడ్ సిరామిక్‌కు సమాంతరంగా 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ పెట్టాం, దాని ఈఎస్ఆర్ సుమారు 0.3 ఓమ్. ఈ 0.3 ఊరికే వచ్చింది కాదు. √(L/C) విలువ ఇక్కడ 0.316 ఓమ్, ఈఎస్ఆర్ దానికి దగ్గరగా ఉండాలి, ఆ కెపాసిటర్ సిరామిక్‌కు నాలుగైదు రెట్లు ఉండాలి. ఇప్పుడు పోల్స్ మూడు: ఒక జంట `−2,20,000 ± j2,53,000` దగ్గర, ఒకటి ఒంటరిగా −63,000 దగ్గర. జంట కోణం 81 డిగ్రీల నుంచి 49కి దిగింది. లెక్కలో వోల్టేజీ 12 దాటదు. బోర్డు మీద కూడా చెప్పుకోదగ్గ శిఖరం కనిపించలేదు. ఆ తర్వాత ప్లగ్ గుచ్చినప్పుడు ఐసీ పోలేదు.

ఇక్కడ "ఈఎస్ఆర్ ఎంత తక్కువుంటే అంత మంచి కెపాసిటర్" అనే వాళ్ళు అడ్డుపడతారు, ఆ 47ను కూడా సిరామిక్‌గా మార్చమంటారు. మారిస్తే ఆ 0.3 ఓమ్ పోతుంది, దాంతోపాటు డ్యాంపింగ్ కూడా పోతుంది. 57 మైక్రోఫారడ్ సిరామిక్ మొత్తంగా ఒక పెద్ద కెపాసిటర్ అయి, జంట మళ్ళీ −50,000 గీత మీదికే వస్తుంది.

మిగతావి త్వరగా.

*రింగింగ్ కనిపిస్తే సర్క్యూట్ అన్‌స్టేబుల్.* కాదు. ప్రతి ఊపూ ముందుదానికన్నా చిన్నదైతే పోల్స్ ఎడమవైపే ఉన్నట్టు. ఊపు పెరుగుతున్నా, తగ్గకుండా అలాగే నిలిచిపోయినా అప్పుడు భయపడండి. స్కోప్ మీద రెండు అలలు చూసి రాత్రి నిద్ర పోగొట్టుకునే వాళ్ళున్నారు. ముందు ఎన్వెలప్ చూసుకోండి.

*రెసిస్టెన్స్ పెంచితే ఎప్పుడూ మంచిదే.* సిరీస్‌లో ఒక హద్దు వరకే. పై ఉదాహరణలో 10 మైక్రోఫారడ్‌తో 0.63 ఓమ్ దగ్గర రెండు పోల్స్ రియల్ అక్షం మీద కలుస్తాయి. ఇంకా పెంచితే విడిపోయి, ఒకటి ఎడమకు పారిపోతుంది, ఇంకొకటి మూలబిందువు వైపు నడుస్తుంది. 20 ఓమ్ పెడితే ఈ రెండోది −5,000 దగ్గర ఉంటుంది, టైమ్ కాన్‌స్టెంట్ 200 మైక్రోసెకన్లు. రింగింగ్ లేదు, కానీ స్థిరపడటానికి పది రెట్ల సమయం. ఇక రెసిస్టర్ కెపాసిటర్‌కు సమాంతరంగా ఉంటే కథ తిరగబడుతుంది: దానివల్ల వచ్చే డ్యాంపింగ్ `1/2RC`, విలువ తగ్గిస్తేనే పెరుగుతుంది.

*పోల్ దగ్గర అవుట్‌పుట్ అనంతమవుతుంది.* సైన్ వేవ్ ఇన్‌పుట్ నడిచేది jω అక్షం మీద. పోల్ ఆ అక్షానికి ఎడమన ఉంటుంది కాబట్టి ఆ సైన్ వేవ్ దాన్ని తాకదు. దగ్గరగా వెళ్ళినప్పుడు గెయిన్‌లో ఒక మూపురం వస్తుంది, అంతే. మన సర్క్యూట్‌లో ఆ మూపురం ఎత్తు సుమారు మూడు రెట్లు.

*పోల్స్ తెలిస్తే వేవ్‌ఫామ్ మొత్తం తెలిసినట్టే.* ఎంత వేగంగా తగ్గుతుంది, ఏ ఫ్రీక్వెన్సీలో ఊగుతుంది అన్నవే పోల్స్ చెబుతాయి. ఒక్కో కదలిక అవుట్‌పుట్‌లో ఎంత మేర కనిపిస్తుందో జీరోలు తేలుస్తాయి. బాగుచేసిన బోర్డులో −63,000 పోల్‌కు కాస్త ఎడమన, −71,000 దగ్గర ఒక జీరో ఉంది. అందుకే ఆ నిదానపు కదలిక పెద్దగా బయటపడక, స్కోప్ మీద చిన్న తోకలా మాత్రమే కనిపించింది. అదే సర్క్యూట్‌లో కెపాసిటర్ వోల్టేజీకి బదులు కేబుల్ కరెంటు చూస్తే పోల్స్ అవే, జీరోలు వేరు, బొమ్మ కూడా వేరు.